ఒక ఇంజన్, మూడు కీళ్లు: ఎక్స్‌కవేటర్‌లో ఆయిల్ పంపకాల తగాదా

ఎండాకాలంలో చెరువు పూడిక తీయించేవాళ్లు, కాలువ గట్లు చెక్కించేవాళ్లు, నాపరాయి గనుల మీద పై మట్టి తీయించేవాళ్లు పెండ్లిమర్రి నుంచి జమ్మలమడుగు దాకా ఒకే ప్రశ్న అడుగుతుంటారు: ఏ కంపెనీ చైన్ బండి మంచిది? జవాబులు మాత్రం ఎప్పుడూ పొసగవు. ఫలానా బండి రాతిపొరను బాగా లేపుతుంది గానీ చదును చేసేటప్పుడు బూమ్ వెనకబడుతుందని ఒక ఆపరేటర్ అంటాడు. ఇంకొకడు ఎంచే బండిలో చదును చక్కగా వస్తుంది, కానీ డీజిల్ ఎక్కువ తాగుతుందని యజమాని గొణుగుతాడు. ఇద్దరూ చూసింది నిజమే. తేడా ఇంజన్ బలంలో లేదు. ఒక ఇంజన్ తిప్పే పంపుల ఆయిల్‌ను బూమ్, ఆర్మ్, బకెట్ ఒకేసారి అడిగినప్పుడు ఎవరికి ఎంత ఇవ్వాలన్న దాంట్లో ఉంది. ఈ పంపకం మీద డిజైనర్లు అరవై ఏళ్లుగా తలో దారి పట్టారు. ఆ దారులను పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

ఇంజన్ ఇవ్వగలిగింది, సిలిండర్లు అడిగేది

మన వైపు ఎక్కువగా కనిపించే ఇరవై టన్నుల తరగతి బండినే తీసుకుందాం. ఇంజన్ సుమారు 110 కిలోవాట్లు, అంటే దాదాపు 150 హార్స్‌పవర్. దానికి రెండు పెద్ద పంపులు నేరుగా బిగించి ఉంటాయి. లీవర్ల సిగ్నల్ కోసం ఒక చిన్న పైలట్ పంపు అదనం. పెద్ద పంపులు పిస్టన్ పంపులు. ఇరుసు చుట్టూ సాధారణంగా తొమ్మిది పిస్టన్లు తిరుగుతూ, వాలుగా నిలిచిన ఒక పళ్లెం మీద జారుతాయి. పళ్లెం ఎంత వాలితే పిస్టన్లు అంత లోతుగా కదిలి అంత ఆయిల్ తోస్తాయి. పళ్లెం నిటారుగా నిలిస్తే ఇంజన్ ఎంత వేగంగా తిరిగినా పంపు దాదాపు ఏమీ ఇవ్వదు. ఎక్స్‌కవేటర్‌లోని తెలివంతా ఈ వాలును ఎవరు, దేన్ని చూసి మార్చాలన్న చోటే ఉంది.

ఒక చుట్టుకు 110 మిల్లీలీటర్లు తోసే పంపు నిమిషానికి 1900 చుట్లు తిరిగితే 209 లీటర్లు వస్తాయి. రెండూ కలిపి 418. రిలీఫ్ వాల్వ్ తెరుచుకునే పీడనం 343 బార్ అనుకుందాం. బార్‌లోని పీడనాన్ని నిమిషపు లీటర్లతో హెచ్చించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నిండు ఆయిల్‌ను నిండు పీడనంలో ఇవ్వాలంటే దాదాపు 240 కిలోవాట్లు కావాలి. ఇంజన్‌లో ఉన్నవి 110. ఫ్యాన్, పైలట్ పంపు, ఘర్షణ పోగా పంపులకు దక్కేది 100 అనుకోవచ్చు. అంటే నిండు వేగం, నిండు బలం ఒకేసారి ఇచ్చే శక్తి ఈ బండికి పుట్టుకతోనే లేదు. పీడనం 143 బార్ దాటిన దగ్గర్నుంచి పంపు రెగ్యులేటర్ పళ్లెం వాలు తగ్గిస్తూ పోతుంది. 343 బార్ దగ్గర రెండు పంపులూ కలిపి ఇచ్చేది 175 లీటర్లే. గట్టి నేలలో బకెట్ నెమ్మదించడం బండి బలహీనతని చాలామంది అనుకుంటారు. నిజానికి రెగ్యులేటర్ తన పని తాను సరిగా చేస్తున్నదనడానికి అదే గుర్తు. అది చేయకపోతే ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది.

ఇక సిలిండర్లు. బూమ్‌కు రెండు, ఆర్మ్‌కు ఒకటి, బకెట్‌కు ఒకటి. బూమ్ సిలిండర్ లోపలి వ్యాసం 120 మిల్లీమీటర్లయితే పిస్టన్ వైశాల్యం 113 చదరపు సెంటీమీటర్లు. 343 బార్ దగ్గర ఒక్కోటి దాదాపు 39 టన్నుల బలంతో తోస్తుంది. అదే సిలిండర్‌ను వెనక్కి లాగేటప్పుడు మధ్యలో 85 మిల్లీమీటర్ల రాడ్ చోటు తినేస్తుంది కాబట్టి మిగిలే వైశాల్యం 56. బలం సగమైపోతుంది, అదే ఆయిల్‌కు వేగం రెట్టింపవుతుంది. అందుకే బలం కావలసిన పనులన్నీ, అంటే బూమ్ లేపడం, ఆర్మ్ లోపలికి లాగడం, బకెట్ ముడవడం, రాడ్ బయటికి వచ్చే దిశలోనే పెట్టారు. ఇక్కడ ఏ డిజైనర్‌కూ వేరే అభిప్రాయం లేదు. తగాదా దీని తర్వాత మొదలవుతుంది.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం

తవ్వే యంత్రానికి ద్రవపీడనం వాడాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లండ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ 1882లోనే హల్ రేవు పనులకు నీటిపీడనంతో పనిచేసే ఎక్స్‌కవేటర్ చేసింది. అందులోనూ బకెట్‌ను లాగింది తీగతాళ్లే. తర్వాత చాలా దశాబ్దాలు తాళ్లు, డ్రమ్ములదే రాజ్యం. ఇటలీలోని ట్యూరిన్‌లో బ్రూనేరి సోదరుల యంత్రం, ఫ్రాన్స్‌లో పోక్లెయిన్, జర్మనీలో 1954లో వచ్చిన డెమాగ్ బి504 కలిసి దారి మళ్లించాయి. పోక్లెయిన్ 1961లో తెచ్చిన టీవై45 చుట్టూ తిరిగే హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్‌ను మామూలు పనివాళ్ల దగ్గరికి చేర్చింది. జపాన్‌లో హిటాచి 1965లో యూహెచ్03తో సొంత డిజైన్ మొదలుపెట్టింది. మన దేశంలో ఎల్ అండ్ టీ పోక్లెయిన్‌తో, టెల్కో 1984లో హిటాచితో చేతులు కలిపాయి. మన పల్లెల్లో ఏ కంపెనీ బండినైనా ప్రొక్లెయిన్ అనో హిటాచీ అనో పిలవడం అప్పటి నుంచి మిగిలిన అలవాటు.

తాళ్ల కాలంలో పంపకం సమస్య రాలేదు. ఇంజన్ తిప్పే డ్రమ్‌కు క్లచ్ వేస్తే ఆ తాడు కదిలేది, అంతే. ఆయిల్ వచ్చాక ఒకే పైపు నుంచి చాలా దారులు చీలాయి. ఆయిల్‌దీ నీటి గుణమే. ఒకే కాలువ మీద రెండు తూములు తెరిచి ఉంటే పల్లపు మడికే నీరు పరుగెత్తినట్టు, ఎదురు ఒత్తిడి తక్కువున్న సిలిండర్‌కే ఆయిల్ పోతుంది. ఆ పరుగును ఎంతవరకు సాగనివ్వాలి, ఎక్కడ కట్ట వేయాలి అన్నదే తర్వాతి చరిత్ర.

పరీక్ష పెట్టే పని: చదును

ఈ తగాదా మొత్తం ఒక్క పనిలో బయటపడుతుంది. చెరువు అడుగునో, ఫారం పాండ్ అడుగునో బకెట్‌తో దూరం నుంచి తన వైపుకు లాగుతూ చదును చేయడం.

ఆర్మ్ ఒక్కదాన్నే లాగితే బకెట్ పళ్లు సరళరేఖలో రావు, వంపు తిరుగుతాయి. చాచిన ఆర్మ్ నిటారుకు వచ్చేదాకా పళ్లు కిందికి దిగుతూ వస్తాయి, నిటారు దాటాక పైకి లేస్తాయి. నేల చదునుగా రావాలంటే మొదటి సగంలో బూమ్‌ను మెల్లగా లేపాలి, రెండో సగంలో మెల్లగా దించాలి. పైగా ఆర్మ్ లోపలికి వచ్చేకొద్దీ బకెట్ కూడా దానితో పాటే ముడుచుకుంటుంది కాబట్టి పళ్ల కోణం చెడకుండా దాన్ని కొద్దికొద్దిగా తెరుస్తూ ఉండాలి. మూడు కదలికలు, మూడు వేగాలు, రెండు చేతులు.

మొదటి సగంలో పీడనాలు చూడండి. బూమ్ సిలిండర్లు బూమ్‌నూ ఆర్మ్‌నూ బకెట్‌నూ మోస్తున్నాయి, ఆర్మ్ చాచి ఉంది. అక్కడ 160 బార్ కావచ్చు. మెత్తని పూడికలో ఆర్మ్ తన బరువుకు తానే కిందికి పడుతోంది కాబట్టి దానికి 40 బార్ చాలు. రెండూ ఒకే పంపు మీద ఉంటే ఆయిల్ అంతా ఆర్మ్‌లోకి పోతుంది, బూమ్ లేవదు, పళ్లు నేలలో దిగబడతాయి. ఆపరేటర్ "బూమ్ వెనకబడుతోంది" అనేది దీన్నే.

ఇప్పుడు అదే బండిని ఎర్రగుంట్ల వైపు నాపరాయి పొర మీదికి తీసుకెళ్లండి. ఆర్మ్‌కు రాయి అడ్డం పడితే అక్కడ 250 బార్ ఉండొచ్చు. బకెట్ నేల మీద ఆని ఉండటం వల్ల బూమ్‌లో 100కు తగ్గొచ్చు. పరుగు దిశ తిరగబడుతుంది. ఇప్పుడు బూమ్ లీవర్ కొంచెం తాకినా ఆయిల్ అటు పోయి, బకెట్ రాయి మీద నుంచి లేచిపోతుంది. కాబట్టి బూమ్‌కు ఎప్పుడూ ముందు వాటా ఇమ్మని ఒక్క సూత్రం రాసి పెడితే సరిపోదు. నేలను బట్టి అన్యాయం జరిగే చోటు మారుతుంది. వాదం చిక్కుపడటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. రేగడిలో పనిచేసిన వాడూ రాతిలో పనిచేసిన వాడూ ఒకే బండి గురించి రెండు వేరు సంగతులు చెబుతున్నారు.

మొదటి దారి: రెండు పంపులు, తెరిచిన దారి

పాత దారి, ఇప్పటికీ చాలా బండ్లలో ఉన్న దారి ఇది. రెండు పంపులకూ వేర్వేరు వాల్వ్ వరుసలు. ఒకదాని మీద కుడి చైన్, బకెట్, బూమ్ ప్రధాన వాల్వ్ ఉంటాయి. రెండో దాని మీద ఎడమ చైన్, చుట్టూ తిప్పే స్వింగ్, ఆర్మ్ ప్రధాన వాల్వ్. బూమ్ ఒక్కటే లేపుతుంటే రెండో వరుసలోని సహాయక వాల్వ్ కూడా తెరుచుకుని రెండు పంపుల ఆయిల్ కలుస్తుంది. రెండు బూమ్ సిలిండర్లు పూర్తిగా చాచడానికి 28 లీటర్లు కావాలనుకుంటే, 418 లీటర్ల ధారతో నాలుగు సెకన్లలో లేస్తుంది. ఆర్మ్‌కూ అలాంటి కలయికే. చదును చేసేటప్పుడు మాత్రం సహాయక వాల్వ్‌లు మూసుకుని బూమ్ ఒక పంపుతో, ఆర్మ్ మరో పంపుతో పనిచేస్తాయి.

లీవర్లు వదిలేసినప్పుడు ఆయిల్ వాల్వ్‌ల మధ్యనున్న తెరిచిన దారి గుండా ట్యాంకుకు పోతుంది. చివర్లో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. దాని ముందు పీడనం పెరిగిందంటే పని లేదని అర్థం. ఆ పీడనమే పంపుకు వెళ్లి పళ్లెం వాలు తగ్గిస్తుంది. లీవర్ కదలగానే తెరిచిన దారి మూసుకుంటూ వస్తుంది, ఆ పీడనం పడిపోతుంది, పంపు ఆయిల్ పెంచుతుంది. దీన్ని నెగెటివ్ కంట్రోల్ అంటారు. లీవర్ పైలట్ పీడనాన్నే నేరుగా పంపుకు పంపి, అడిగినంత ఇమ్మనే పద్ధతి పాజిటివ్ కంట్రోల్. దానికి స్పందన కొంత చురుకు, వృథా కొంత తక్కువ.

దీన్ని మెచ్చేవాళ్ల మాట: బండి చేతికి తెలుస్తుంది. రాయి తగిలితే కదలిక నెమ్మదిస్తుంది కాబట్టి లోపల ఏం ఉందో ఆపరేటర్ పసిగడతాడు. తప్పుపట్టేవాళ్ల మాట: అదే లీవర్ స్థానానికి ఈ రోజు ఒక వేగం, రేపు ఇంకో వేగం. బకెట్ నిండితే ఒకటి, ఖాళీ అయితే ఒకటి. పైగా లీవర్‌ను సగమే నొక్కినప్పుడు కొంత ఆయిల్ అధిక పీడనంలోనే ట్యాంకుకు పోయి వేడిగా మారుతుంది.

రెండో దారి: బరువును కనిపెట్టి ఇచ్చేది

లోడ్ సెన్సింగ్ వాళ్లు సమస్యను తలకిందులుగా చూశారు. లీవర్ ఎంత తెరిస్తే అంత వేగం రావాలి, బరువుతో సంబంధం ఉండకూడదు అన్నారు. పనిచేస్తున్న సిలిండర్లలో ఎక్కువ పీడనం దేనిదో కనుక్కుని, దానికి సుమారు 20 బార్ పైన పంపును నిలుపుతారు. తక్కువ పీడనం ఉన్న సిలిండర్ల దారిలో కాంపెన్సేటర్ అనే చిన్న వాల్వ్ అడ్డు నిలిచి, పరుగెత్తే ఆయిల్‌ను పట్టి ఆపుతుంది. కొమాట్సు సీఎల్ఎస్ఎస్ ఈ దారిదే.

మొదటి తరంలో ఒక లోపం ఉండేది. అందరూ కలిసి పంపు ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ అడిగితే, బరువు ఎక్కువున్న సిలిండరే ముందు ఆగిపోయేది. కాంపెన్సేటర్‌ను ప్రధాన వాల్వ్ తర్వాత పెట్టి దీన్ని సరిచేశారు. అప్పుడు కొరత వస్తే అందరూ అదే నిష్పత్తిలో నెమ్మదిస్తారు. రెక్స్‌రోత్ దీన్ని ఎల్‌యూడీవీ అన్న పేరుతో తెచ్చింది. చదునుకు ఇది వరం. మూడు కదలికలూ నెమ్మదించినా వాటి పొందిక చెడదు కాబట్టి బకెట్ పళ్ల గీత చెదరదు.

దీని ఖర్చు ఏమిటో మన పూడిక ఉదాహరణలోనే లెక్కవేద్దాం. బూమ్‌కు 160 బార్‌లో నిమిషానికి 40 లీటర్లు, ఆర్మ్‌కు 40 బార్‌లో 160 లీటర్లు కావాలి. రెండూ ఒకే ధార మీద ఉంటే పంపు 180 బార్‌లో 200 లీటర్లు ఇవ్వాలి. అది 60 కిలోవాట్లు. వీటిలో ఆర్మ్ దారిలోని అడ్డు 140 బార్‌ను, అంటే 37 కిలోవాట్లను, ఉత్త వేడిగా మారుస్తుంది. రెండు పంపులు విడిగా ఉంటే బూమ్ పంపుకు 11, ఆర్మ్ పంపుకు వాల్వ్‌లో పోయేదానితో కలిపి 13 కిలోవాట్లు చాలు. సగం నొక్కిన బూమ్ లీవర్ వల్ల ట్యాంకుకు పోయేది ఇంకో 8 అనుకున్నా 32 దాటదు. పోలిక ఇంత నిక్కచ్చిగా ఎప్పుడూ రాదు. లోడ్ సెన్సింగ్ బండ్లలో కూడా రెండు పంపులను అవసరాన్ని బట్టి విడదీసే వాల్వ్ పెడతారు. కానీ డీజిల్ గురించి యజమాని ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది. వేడి గురించిన భయానికీ ఇక్కడే మూలం. కడప ఎండలో కూలర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఆ 37 కిలోవాట్లు పోవడానికి చోటుండదు. ఆయిల్ పలచబడి మధ్యాహ్నానికి బండి మందగిస్తుంది.

రెండు దారులనూ పక్కన పెట్టి చూస్తే తేడా ఇలా ఉంటుంది:

| పని | రెండు పంపులు, తెరిచిన దారి | లోడ్ సెన్సింగ్, నిష్పత్తి పంపకం |
|---|---|---|
| మెత్తని నేల చదును | పంపులు విడిపోతేనే బాగుంటుంది, ఆపరేటర్ చేతివాటం ముఖ్యం | కొత్త చేతికి కూడా గీత నిలుస్తుంది |
| రాతిపొర లేపడం | బరువు చేతికి తెలుస్తుంది | వేగం నిలకడ, బరువు తెలియదు |
| తేడా పీడనాల వృథా | తక్కువ | ఎక్కువ |
| సగం లీవర్ వృథా | ఎక్కువ | తక్కువ |

ఈ పట్టికను బట్టి ఒకరిని గెలిపించడం కుదరదు. రోజంతా టిప్పర్లు నింపే బండికి మొదటి దారి, కాలువ గట్లు చెక్కే బండికి రెండో దారి నప్పుతాయని మాత్రం నేను ధైర్యంగా చెప్పగలను.

బండి చెప్పే ఆనవాళ్లు

ఏ పంపు మీద ఏ వాల్వ్ ఉందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. పైన చెప్పిన రెండు పంపుల బండిలో అన్ని కదలికలూ మందగించి, ఇంజన్ మాత్రం తేలిగ్గా తిరుగుతుంటే రెండు పంపులకూ ఉమ్మడిగా ఉన్నదాన్ని, అంటే పైలట్ పీడనాన్నో రెగ్యులేటర్ సిగ్నల్‌నో చూడాలి. ఇంజన్ గొంతు పడిపోతుంటే ఇంజన్‌కు డీజిల్ అందడం లేదేమో, పళ్లెం వాలు తగ్గడం లేదేమో అని అనుమానించాలి. స్వింగ్, ఎడమ చైన్, ఆర్మ్ కలిసి మందగిస్తే, నేరుగా నడిపినా బండి ఎడమకు లాగుతుంటే, రెండో పంపు అరిగింది. దాని కేస్ నుంచి ట్యాంకుకు వచ్చే ఆయిల్‌ను కొలిస్తే అరుగుదల బయటపడుతుంది. మిగతావన్నీ బాగుండి బూమ్ ఒక్కటే సగం వేగంతో లేస్తుంటే పంపు జోలికి పోకూడదు. రెండో ధారను కలిపే సహాయక వాల్వ్ తెరుచుకోవడం లేదు. ఈ చివరి సందర్భంలో పంపు విప్పించి డబ్బు పోగొట్టుకోవడం మామూలుగా జరిగే తప్పు.

బూమ్ దానంతటదే దిగుతుంటే పిస్టన్ సీల్ కావచ్చు, ఆయిల్‌ను పట్టి ఉంచే హోల్డింగ్ వాల్వ్ కావచ్చు. ఏదైనా విప్పే ముందు బకెట్ నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, లీవర్లు అన్ని వైపులా కదిపి పీడనం పోగొట్టాలి. ఆగిన బండిలో కూడా బూమ్ బరువు ఆయిల్ మీదే నిలిచి ఉంటుంది.

ఇంకా తేలనివి

మూడో వర్గం మొత్తం వాదాన్నే తప్పంటుంది. వాల్వ్‌తో అడ్డుకోవడమే వృథాకు మూలం కాబట్టి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పంపు ఇవ్వమంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మోనికా ఇవాంతిసినోవా బృందం ఐదు టన్నుల చిన్న ఎక్స్‌కవేటర్‌ను ఇలా మార్చి, లోడింగ్ పనిలో ఇంధనం సుమారు 40 శాతం తగ్గిందని చూపింది. బూమ్ దిగేటప్పుడు సిలిండర్ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్ పంపును తిప్పి, ఆ శక్తిని మిగతా కదలికలకు ఇస్తుంది. వాల్వ్ ఉన్న బండిలో అది వేడిగానే పోతుంది. అడ్డంకి మాత్రం చిన్నది కాదు. రెండు పంపులను కలిపి ఒక్క సిలిండర్‌కు ఇచ్చే సౌకర్యం పోతుంది కాబట్టి ప్రతి పంపూ దాని గరిష్ఠ వేగానికి సరిపడేంత పెద్దదిగా ఉండాలి. అన్ని పెద్ద పంపుల ధర ఎవరు భరిస్తారన్నది తేలలేదు.

మధ్యే మార్గాలూ వచ్చాయి. కొమాట్సు 2008లో స్వింగ్ ఆగేటప్పటి శక్తిని విద్యుత్తుగా దాచుకునే హైబ్రిడ్‌ను అమ్మకానికి తెచ్చింది. క్యాటర్‌పిల్లర్ అదే శక్తిని ఆయిల్ పీడనంగా దాచుకునే దారి పట్టింది. ఆ కంపెనీ 2017లో చూపిన కొత్త 320 బండిలో పైలట్ ఆయిల్‌ను తీసేసి లీవర్ నుంచి వాల్వ్‌కు విద్యుత్ సిగ్నల్ పంపారు. దీనితో పంపకం సూత్రాన్ని ఇనుములో చెక్కనక్కర లేదు, సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. చెరువు పనికి ఒక పంపకం, రాతి పనికి ఒక పంపకం అదే బండిలో పెట్టుకోవచ్చు. నేల మారితే అన్యాయం జరిగే చోటు మారుతుందన్న చిక్కుకు ఇప్పటిదాకా వచ్చిన వాటిలో దగ్గరి జవాబు ఇదే. అయితే ఇక్కడ కొత్త ప్రశ్న పుడుతుంది. ఇనుములోని సూత్రం చెడితే ప్రొద్దుటూరులో మెకానిక్ గేజ్ పెట్టి పీడనం చూసి కనిపెట్టగలడు. సాఫ్ట్‌వేర్‌లోని సూత్రాన్ని చదివే పరికరం కంపెనీ సర్వీస్ మనిషి చేతిలోనే ఉన్నంతకాలం, పాత నెగెటివ్ కంట్రోల్ బండ్లకు సెకండ్ హ్యాండ్ సంతలో గిరాకీ తగ్గుతుందని నేను అనుకోను.